మూడు బావుల కాగితం

మేము నలుగురం. నేను, పీర్ బాషా, సుంకప్ప, బొజ్జన్న. మైదుకూరుకు కొంచెం దూరంలో మిషను వాళ్ళ ట్రైనింగు ఇస్కూలుండేది. పల్లెల్లో అయ్యవార్లుగా పోవలసిన వాళ్ళకు అక్కడ రెండేళ్ళు చదువు చెప్పేవాళ్ళు. నేను ఏడాదిన్నర చదివినాను. మిగిలిన ఆరు నెలలు ఎందుకు చదవలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అది వెయ్యిన్ని తొమ్మిది వందల ఇరవై నాలుగు. శివరాత్రికి ఇరవై రోజుల ముందు తాలూకా బోర్డు నుంచి ఇస్కూలుకు ఒక జాబు వచ్చింది. మాల మాదిగ పాలేల్లో ఒక బావిని లోతు చేయించడానికి బోర్డు ఒప్పుకుంటుందట. ఏ బావి, ఎందుకు అన్నది ఇస్కూలు పిల్లలు పరిశీలించి రాసిస్తే, మెంబరుగారు నెలలోపల వచ్చి ఆ కాగితం తీసుకుంటారట. ఆ పని మా నలుగురికి అప్పజెప్పినారు. దస్తూరి బాగుంటుందని రాసే పని నాకు పడింది.

ఆ ఆదివారం పదకొండు మైళ్ళు నడిచి మా పాలెం పోయినాను. మా అమ్మ విశ్వాసమ్మ బావి లోపల అడుగు మెట్టు మీద కూర్చొని ఊట కోసం కాచుకొని ఉంది. చిప్పతో తోడి కడవ నింపుకోవడానికి ఆమెకు పొద్దు బారెడెక్కేది.

"అమా, మన బావి కాగితంలో ఎక్కిస్తాండా. రాసేది నేనే" అన్నాను.

"నిజంగానా నాయనా?"

"నా చేతిలో ఉండాది కదమ్మా కలము."

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

మా ఏర్పాటు ఏమిటంటే, ఏర్పాటే లేదు. "మన తాలూకా నీటి కష్టాలు, వాటి నివారణ" అని కాగితం పైన పెద్దక్షరాలతో నేనే రాసినాను. ఎవడి ఊరికి వాడు పోయి బావులు కొలుచుకొని రావాలని అనుకున్నాము. ఏ బావి, ఏ పూట, దేనితో అని ఎవడూ అడగలేదు. అడగకపోవడానికి కారణం ఉంది. సుంకప్ప మనసులో సుంకప్ప బావి, బొజ్జన్న మనసులో బొజ్జన్న బావి. కాగితం పేరు ఎంత పెద్దదిగా ఉంటే దాని కింద అందరి బావులూ అంత బాగా పడతాయి కదా.

వారం గడిచింది. మెంబరుగారు రావడానికి మూడు వారాలుందనగా గాబ్రియేలు అయ్యవారు మా నాలుగు పుస్తకాలూ తెమ్మన్నాడు. ఆయన మాకు లెక్కలు చెప్పేవాడు. సన్నగా, దగ్గుతూ ఉండేవాడు. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గేది.

"ఈ రోడ్డు పక్క బావి ఎవరు కొల్చినారప్పా?" అన్నాడు.

ఆ బావి దారిలో పడే ఇద్దరు చేతులెత్తినారు. సుంకప్ప, పీర్ బాషా.

"సుంకప్పా, నీళ్ళు ఎంత కింద ఉండాయి?"

"ఆరు బారలు అయ్యవారూ."

"పీర్ బాషా?"

"ఏడున్నర బారలు సార్."

"ఒకే బావి కదా?"

"ఒకటే సార్."

అయ్యవారు ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చేతులు చాపమన్నాడు. సుంకప్ప తాటిచెట్టంత మనిషి. పీర్ బాషా వాని చంక కింద నుంచి పోగలడు. బారంటే రెండు చేతుల చాపు. వాని బార వానిది, వీని బార వీనిది. చూసి బొజ్జన్న నవ్వినాడు.

"నవ్వు నాయనా, నవ్వు. నువ్వు కొల్చింది చదువుతా విను. 'లోతు శానా.' శానా అంటే ఎన్ని బారలప్పా?"

బొజ్జన్న నవ్వు ఆగిపోయింది.

"సుంకప్పా, ఏ పొద్దు కొల్చినావు?"

"తెల్లారి, కపిల కట్టకముందు."

"పీర్ బాషా?"

"సాయంత్రం సార్, ఎద్దుల్ని ఇప్పినాక."

పగలంతా రెండు జతల ఎద్దులు కపిల తోలి నీళ్ళు లాగిన బావిలో తెల్లవారినప్పటి నీళ్ళు సాయంత్రం ఎక్కడుంటాయి? అయ్యవారు నా పుస్తకం తీసినాడు. నేను నీళ్ళ దాకా కాకుండా అడుగు దాకా కొలిచినాను. మా బావిలో నీళ్ళు మూరెడు, కొలవడానికేముందని.

నాలుగు పుస్తకాలూ మూసి బల్ల మీద పెట్టినాడు.

"ఇది మెంబరు చేతిలో పెడితే ఏమి చేస్తాడు? తాలూకా అంతా నీళ్ళు లేవని రాస్తిరి. అది ఆయనకు తెల్దా? ఏ బావికి ఎన్ని అడుగులు తవ్వించాలనో చెప్పినారా? ఈ కాగితం చదివినోడు చేయగలిగింది ఒకటే. 'అయ్యో' అనొచ్చు."

ఆ రోజు మేము అన్నానికి పోలేదు. చింతచెట్టు కింద ఒకరినొకరు తిట్టుకున్నాము.

"నీ బారలే మమ్మల్ని ముంచినాయిరా పొట్టోడా" అన్నాడు సుంకప్ప.

"నీ చేతులు కొంచెం కోసుకోని వస్తే సరిపోతాండె" అన్నాడు పీర్ బాషా. వాడు అంతటితో ఆగక, "ఒరే, అయ్యవారు చెప్పింది నిజమే. ఒకటే ప్రశ్న పెట్టుకుందాం. ఒకటే తాడు. ఒకటే పొద్దు" అన్నాడు.

మర్నాడు అయ్యవారి ముందు కూర్చొని మార్చుకున్నాము. పాత పేరు కొట్టివేసి, "ఈ పాలెం బావి ఎండాకాలంలో ఎందుకు ఎండుతుంది, ఎన్ని అడుగులు దించితే ఎండదు?" అని రాసినాను. తాడు పీర్ బాషా తెచ్చినాడు. జనుపతాడు తడిస్తే కురచవుతుందని దాన్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, తడి మీదనే గజంబద్దతో కొలిచి అడుగుకొక ముడి వేసినాము. చివర ఇత్తడి చెంబు బోర్లించి కట్టినాము. చెంబు మూతి నీటికి తగిలితే బుడుంగుమని శబ్దం వస్తుంది. ఒకడు దించాలి, ఇంకొకడు ఒరల అంచు దగ్గర ముడులు లెక్కపెట్టాలి. ఒక్కడే దించి ఒక్కడే చదివిన లెక్క పుస్తకంలో ఎక్కకూడదన్నాడు అయ్యవారు. తెల్లవారి కపిల కట్టకముందు ఒకసారి, సాయంత్రం ఎద్దులను విప్పినాక ఒకసారి.

బావులు మూడు చాలన్నాడు. ఇస్కూలు దగ్గరి పాలెంలో ఎండే బావి ఒకటి. దానికి రెండు వందల గజాల్లో ఉన్న పెద్దకాపు కపిల బావి ఒకటి. పోల్చి చూడడానికి, దూరంగా కపిల లేని బావి ఒకటి. మూడూ ఇస్కూలు నుంచి రెండు పూటలా నడిచి పోయి రాగలిగినవి కావాలి.

సుంకప్ప బావి పోయింది. బొజ్జన్న బావి పోయింది. వాళ్ళ ఊర్లలో తాగడానికి ఇంకొక బావి ఉంది.

"అయ్యవారూ, మా పాలెం..." అన్నాను.

"ఎన్ని మైళ్ళు ఏసన్నా?"

"పదకొండు. నేను ఆడే ఉండి కొలుస్తా."

"ముడులు ఎవరు చదువుతారు? నీ పక్కన ఎవరుంటారు?"

నేను పీర్ బాషా వైపు చూసినాను. వాడు నేల చూసినాడు. వానికి తాడు ఎంత కావాలో నేను అంత కావాలని ఎందుకనుకున్నానో.

"మీ బావి కష్టం నిజమే నాయనా" అన్నాడు అయ్యవారు. "కానీ దాన్ని పెడితే సుంకప్పది పెట్టాల, బొజ్జన్నది పెట్టాల. మళ్ళా 'శానా' దగ్గరికే పోతాము."

ఆయన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. కలము నా చేతిలోనే ఉంది. మా పాలెం పేరున్న పంక్తిని నేనే అడ్డంగా గీత కొట్టినాను.

పంతొమ్మిది రోజులు కొలిచినాము. మొదటి వారం పాలెం బావిలో తెల్లవారి ముప్పై ఒక్క అడుగు దగ్గర చెంబు మోగితే, సాయంత్రానికి ముప్పై నాలుగు. తర్వాత శివరాత్రి వచ్చింది. పెద్దకాపు ఇంటిల్లిపాదీ ఎద్దులబండ్లు కట్టుకొని శ్రీశైలం పోయినారు. ఎనిమిది రోజులు కపిల ఆగింది. పాలెం బావిలో నీళ్ళు రోజూ కొంచెం కొంచెం లేచి ఇరవై తొమ్మిదికి వచ్చినాయి. కపిల లేని దూరపు బావి మాత్రం అన్ని రోజులూ అర అడుగు కూడా కదల్లేదు. బండ్లు తిరిగి వచ్చినాయి, కపిల మొదలైంది, సాయంత్రానికి పాలెం బావి మళ్ళీ ముప్పై నాలుగు.

పీర్ బాషా ఎగిరి గంతేసినాడు. "సూస్తివా ఏసన్నా! బావే సాక్ష్యం చెప్పింది!"

నాకూ సంతోషమే కలిగింది. దాచడమెందుకు. అంత శుభ్రంగా ఒక సంగతి తేలడం నేను అంతకుముందు చూడలేదు.

పెద్దకాపును నిందించే మాట ఒక్కటీ రాయనీయలేదు అయ్యవారు. తేదీలు, అడుగులు, కపిల ఉన్న రోజులు, లేని రోజులు, అంతే. పాలెం బావి అడుగు నేల ముప్పై ఆరు అడుగుల దగ్గర ఉంది గనుక ఇంకొక పన్నెండు అడుగులు దించాలని చివర రాసినాను. రెండు పుటలు. మెంబరుగారు నిలబడే చదివి, "ఇది కాగితమంటే" అన్నారు. నా దస్తూరిని మెచ్చుకున్నారు. ఉగాది దాటిన వారానికి ఆ పాలెంలో మందు పెట్టి బండ పేల్చిన చప్పుడు ఇస్కూలు దాకా వినబడింది.

ఆ చప్పుడు వింటూ గడప మీద కూర్చొని ఉండగా గాజుల బీబమ్మ వచ్చింది. గంప నెత్తిన పెట్టుకొని మా పక్క ఊర్లన్నీ తిరిగే మనిషి.

"నాయనా ఏసన్నా, మీ బావి ఎండిపాయ. మీ యమ్మ వంక ఇసకలో చెలిమ నీళ్ళకు పోతాంటే కాలు జారి పడింది. తుంటి విరిగిందంటాండారు. లెయ్యలేదు."

ఆ పూటే బయలుదేరినాను. మళ్ళీ ఇస్కూలు గడప తొక్కలేదు. ఇంట్లో నీళ్ళు తెచ్చే మనిషి ఇంకెవరూ లేరు.

మా అమ్మ మంచంలో నుంచి నన్ను చూసి మొదట అన్న మాట: "ఇస్కూలు కాడ పాలెంలో బావి తవ్వుతాండారంటనే. నువ్వే రాసినావంట."

"అవునమ్మా."

"దస్తూరి శానా బాగుండాదంట."

ఆమె గోడ వైపు తిరిగింది.

మరుసటి ఏడు పీర్ బాషా నాకు ఆ తాడు పంపినాడు. వాడు అప్పటికే వాళ్ళ ఊర్లో అయ్యవారు. నేను తాడు దించితే, కర్ర పట్టుకొని నడిచే మా అమ్మ అంచు దగ్గర కూర్చొని ముడులు లెక్కపెట్టింది. చదువు రాకపోయినా ముడి తప్పలేదు. ముప్పై రోజులు, రెండు పూటలా. అన్నీ అయ్యవారు చెప్పినట్లే రాసి బోర్డు ఆఫీసుకు నడిచి పోయినాను.

గుమాస్తా పుటలు తిప్పినాడు. "ఏ ఇస్కూలు తరఫున?"

"ఏ ఇస్కూలూ లేదు సామీ. మా పాలెం తరఫున."

"తాలూకాలో ఒక పాలేనికి పోయినేడే ఇచ్చినాము కదప్పా. పోయినేడే పెట్టుకోని ఉంటే చూసేవాళ్ళు." కాగితాన్ని కట్టలో దోపినాడు. జవాబు ఇప్పటికీ రాలేదు. ఇరవై రెండేళ్ళయింది.

మేము చేసిన మార్పు తప్పని నేను ఎన్నడూ అనలేదు. అది తప్పయి ఉంటే నాకు బాగుండేది. తిట్టడానికి ఒక మనిషైనా దొరికేవాడు.

కాగితం ఇచ్చిన ఆ ఏడే వానలు పడి, బావిలో గిలక వేసి తోడుకునేంత నీళ్ళు చేరినాయి. మా తోడే తాడు అప్పటికే తెగిపోయి ఉంది. ఇంటికి వస్తే మా అమ్మ ముంగిట్లో కాళ్ళు చాపుకొని, ఆ కొలత తాడు ఒళ్ళో పెట్టుకొని, పండ్లతో ముడులు విప్పుతూ ఉంది.

"ఏమి చేస్తాండావుమా?"

"ముడులుంటే గిలకలో పట్టుకుంటాండాయి నాయనా" అన్నది తలెత్తకుండా.

రెండో కొస పట్టుకొని నేనూ కూర్చున్నాను.