ఒకరోజు ముందే పంచిన కాగితాలు

మీటింగుకు ఒకరోజు ముందే కాగితాలు పంచాలని పట్టుబట్టింది నేనే. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, తరువాత ఎవరూ నాకు గుర్తు చేయనక్కరలేదు.

నా పేరు ఖుర్షీద్. తాండూరులో బండలు తీసే కూలీల సహకార సంఘానికి గుమాస్తాను. నా భర్త అజమత్ ఆ సంఘం గనిలోనే పనిచేసేవాడు. మా దగ్గర నాపరాయి దొరకాలంటే పైనున్న పనికిరాని బండను ముందు మందు పెట్టి పేల్చాలి. ఆ కాంట్రాక్టు భీమప్పది. పేల్చేముందు ఎర్రజెండా పాతాలి, ఈల వేయాలి, దారులకు అడ్డంగా మనుషుల్ని నిలబెట్టాలి. 1981 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అవేవీ లేకుండా పేల్చారు. అజమత్ శవాన్ని నాకు ముఖం చూపించకుండానే పాతిపెట్టారు, ఎందుకంటే చూపించడానికి ముఖం మిగల్లేదు. రిపోర్టులో మాత్రం మృతుని అజాగ్రత్త అనీ, సాక్షులెవరూ లేరనీ రాశారు.

ఆ తరువాత నెలే సంఘం కమిటీ కూర్చుంది. చైర్మన్ అంజిలయ్య అప్పటికప్పుడు బల్ల మీద కాగితాలు పెట్టాడు. చాయ్ వచ్చేలోపే ఏడుగురు సభ్యులూ సంతకాలో వేలిముద్రలో పెట్టేశారు. భీమప్పకు ఇంకో మూడేళ్ళు కాంట్రాక్టు ఖాయమైంది. దేనికి వేలు పెట్టారని తరువాత అడిగితే నలుగురికి తెలియనే తెలియదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పదో తరగతి పాసయ్యానని, మొగుడు పోయాడని సంఘంలోనే నాకు గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. చేరిన ఏడాదిలోపే గొడవ చేసి ఒక తీర్మానం చేయించాను. మీటింగు తేదీ వారం ముందు చెప్పడం ఎలాగూ ఉంది. నిర్ణయం తీసుకోవాల్సిన అంశమేదైనా ఉంటే దాని ఎజెండా, దాని మీద నోట్ ఒకరోజు ముందే ప్రతి సభ్యుడి చేతికీ అందాలి. చదువు రానివాళ్ళు ఇంట్లో ఎవరితోనైనా చదివించుకోవాలి. అందినట్టు నా పుస్తకంలో సంతకమో ముద్రో పెట్టాలి. వచ్చాక బల్ల మీద చూసి ముద్ర వేసే పద్ధతి ఇక నడవదని అంజిలయ్య మొహం మీదే చెప్పాను.

1984 మార్చి 31తో భీమప్ప గడువు ముగుస్తుంది. ఆ తేదీలోగా వద్దని రాసివ్వకపోతే కాంట్రాక్టు దానంతటదే మరో మూడేళ్ళు సాగుతుందని షరతు ఉంది. కమిటీ మీటింగు కుదిరింది సరిగ్గా ఆ 31నే. అంటే ఆ రోజు వాయిదా వేసినా భీమప్పే గెలిచినట్టు.

ఈసారి నా చేతిలో సాక్షి ఉన్నాడు. అంతకు నెల ముందు పెద్దేముల్ నుంచి వచ్చిన ఇద్దరు కూలీలు అజమత్ లాగే పేలుడులో పోయారు. యాలాల్ గొల్లాయన బీరన్న ఆ వేళ గని గట్టు మీద గొర్రెలు మేపుతున్నాడు. జెండా లేదు, ఈల లేదు, భీమప్ప మనిషి వత్తి అంటించి పరుగెత్తడం కళ్ళారా చూశాడు. అడగ్గానే నా దగ్గరికి వచ్చి అంతా చెప్పి వేలిముద్ర వేశాడు. మీటింగుకు తానే వచ్చి చెప్తానన్నాడు.

29న సాయంత్రం, 30న పొద్దున కూర్చుని కార్బన్ పెట్టి ఏడు కాపీలు రాశాను. ఎజెండాలో ఒకే పెద్ద అంశం: పేలుడు కాంట్రాక్టు కొనసాగించాలా, రద్దు చేయాలా, ఈ రోజే నిర్ణయించాలి. నోట్‌లో మూడేళ్ళలో చనిపోయినవాళ్ళ వివరం, గడువు షరతు ఉన్నదున్నట్టు, కొనసాగిస్తే ఏమవుతుంది, రద్దు చేస్తే కొత్త మనిషి దొరికేదాకా పని ఎన్నాళ్ళు ఆగుతుంది, అన్నీ రాశాను. కింద బీరన్న చెప్పింది జతచేశాను. పేరు రాశాను. ఊరు రాశాను. రోజూ సాయంత్రం గొర్రెల్ని ఏ కంచెలోకి తోలుతాడో అదీ రాశాను, కావాలంటే సభ్యులు వెళ్ళి అడుగుతారని. రాస్తుంటే హాయిగా అనిపించింది. రాయొచ్చా అని బీరన్నను ఒక్క మాట అడగలేదు.

ఎవరి కాపీ ఎవరిదో తెలియాలని మూలన ఒకటి నుంచి ఏడు దాకా నంబర్లు వేసి, మధ్యాహ్నం రెండింటిలోపు నేనే ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాను. ఎండలో చెప్పు తెగింది. పుస్తకంలో ఏడుగురివీ సంతకాలు, ముద్రలు పడ్డాయి. ఆ రోజు నన్ను చూస్తే జిల్లా గెలిచిన దాన్ననుకునేవాళ్ళు.

పొద్దు గుంకకముందే బీరన్నను కొట్టారు. ముగ్గురు వచ్చారట. గొర్రెల్ని కంచెలోకి తోలుతుంటే వెనక నుంచి గడ్డపారతో మోకాళ్ళ మీద కొట్టి పడేశారు. దవడ విరగ్గొట్టారు. అడ్డం వచ్చిన అతని భార్య బీరమ్మను జుట్టు పట్టి ముళ్ళకంచె మీదికి విసిరేశారు. ఆమె చూస్తుండగానే అతని కుడిచేతిని రాతి మీద పెట్టి, ముద్ర వేసిన వేలు ఇదేనా అని అడిగి, సుత్తితో మూడు దెబ్బలు వేశారు. ఆరు గొర్రెల గొంతులు కోశారు. పోతూ పోతూ ఒక కాగితాన్ని ఉండ చుట్టి అతని నోట్లో కుక్కారు.

ఆ కాగితాన్ని బీరమ్మ కొంగులో కట్టుకుని తాండూరు ఆసుపత్రికి తెచ్చింది. కబురు అంది నేను పరుగెత్తేసరికి చేతికి కట్టు కడుతున్నారు, బొటనవేలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. పోలీసు వచ్చి రాసుకుని పోయాడు. బీరమ్మ కాగితం నా చేతిలో పెట్టింది. నెత్తురులో నానిపోయినా మూలన నంబరు కనిపిస్తోంది. నాలుగు. అది సభ్యుడు జహూర్ కాపీ. అతని లారీ భీమప్ప దగ్గరే తిరుగుతుంది. దాన్ని అలాగే మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు పది గంటలకు ఏడుగురూ వచ్చారు. భీమప్ప నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. అంజిలయ్య కళ్ళు బల్ల మీది నుంచి పైకి లేవడం లేదు. జహూర్ మాత్రం మీసం తుడుచుకుంటూ మొదలుపెట్టాడు.

"సాక్షి అని రాసిన్రు గదా, ఏడి? గీడికొచ్చి చెప్పమను. లేకుంటె వాయిదా వెయ్యున్రి."

అంజిలయ్య పెన్ను తీశాడు. వాయిదా అని రాస్తే ఇంకో మూడేళ్ళు ఎంతమంది పోతారో అతనికి తెలుసు, అయినా తీశాడు. నేను ఆ నెత్తురు కాగితాన్ని విప్పి అతని పెన్ను కింద పరిచాను.

"బీరన్న నోట్లకెల్లి తీసిన కాగితం ఇది, చైర్మన్ సాబ్. మూలన నంబరు సూడు. నిన్న నా పుస్తకంల నాలుగో నంబరుకు ఎవరు సంతకం పెట్టిన్రో గది గూడ సూడు."

జహూర్ లేచి చెయ్యి తిరగేసి నా నోటి మీద కొట్టాడు. పెదవి చీలింది. చేతికి దొరికింది కాగితాలకు తూట్లు పొడిచే ఇనుప మిషను. దాంతో అతని మణికట్టు మీద బలంకొద్దీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. అబద్ధమెందుకు, నాకు సంతోషమేసింది. ఆ కేక విని వరండాలో వాళ్ళు తలుపును తన్నడం మొదలుపెట్టారు. ఇద్దరు సభ్యులు బెంచీ అడ్డం పెట్టి దాని మీద కూర్చున్నారు. కిటికీలోంచి రాయొకటి వచ్చి గోడకు తగిలింది.

అప్పుడు నాగవ్వ మాట్లాడింది. ముప్పయ్యేళ్ళుగా బండలు మోసిన మనిషి, ఒక్క అక్షరం రాదు. ఎప్పుడూ చివరన కూర్చుని ముద్ర వేసి వెళ్ళిపోయేది.

"నిన్న నా బిడ్డతోటి ఈ కాగితం మూడుమార్లు సదివిచ్చుకున్న. పొద్దుగాల మేం నలుగురం గనికి పోయి సూసినం. మొన్న పేల్చిన తానగూడ జెండా పాతిన గుంత ఒక్కటి లేదు. బీరన్న రాకుంటె ఏంది? మేం సదివినం, సూసినం. రద్దని రాయి."

జహూర్‌కు ఓటు లేదని కమిటీ ముందే తేల్చింది, సొంత లాభమున్నవాడు ఆ అంశం మీద ఓటు వేయకూడదు. మిగిలిన ఆరుగురిలో ఐదు చేతులు లేచాయి. అంజిలయ్య అటూ ఇటూ చూసి ఆరోది తనూ ఎత్తాడు. తీర్మానం రాశాను. రాస్తుంటే పెదవి నుంచి నెత్తురు మినిట్స్ పుస్తకం మీద పడింది, తుడవలేదు. రద్దు నోటీసు రెండు ప్రతులు చేశాను. తలుపు తీసి ఒకటి భీమప్ప చేతికే ఇచ్చాను. వాడు చదివి చింపి నా ముఖాన కొట్టాడు. ఇంతమంది ఎదుట చింపావు కాబట్టి అందినట్టే అని రాసుకుంటానన్నాను. వాడి మనుషుల్లో ఒకడు నా వీపు మీద కర్రతో వేశాడు. అప్పటికే నాగవ్వ కేక వేసిందేమో, గనిలోంచి ఆడవాళ్ళు సుత్తులు పట్టుకుని వస్తున్నారు. వాళ్ళ మధ్యలో నడిచి పోస్టాఫీసుకు వెళ్ళి, రెండో ప్రతిని రిజిస్టరు చేసి రసీదు తీసుకున్నాను. గడువు ఇంకా ఒక పూట మిగిలి ఉంది.

అజమత్ పోయినప్పటి నుంచీ ఆ క్షణం కోసమే బతికానని నాకు తెలుసు. రసీదు పట్టుకుని అలాగే ఆసుపత్రికి వెళ్ళాను.

బీరన్న దవడ కట్టేసి ఉంది, మాట రాదు. మంచం పక్కన నేల మీద బీరమ్మ కూర్చుని ఉంది, ముళ్ళు గీరిన చేతులు ఒళ్ళో పెట్టుకుని. కాంట్రాక్టు రద్దయిందని చెప్పాను. సభ్యులు నిన్ననే చదివి వచ్చారని, నాగవ్వ ఇట్లా అన్నదని, ఆరు చేతులు లేచాయని ఊపిరాడకుండా చెప్పుకుపోయాను. బీరన్న కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. బీరమ్మ అంతా విన్నది.

"మా ఆయన రాకుండనె అయ్యిందా అక్కా?"

అయ్యిందన్నాను.

"పేరు రాయకుంటె గూడ అయ్యేదా?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఒక సాక్షి వస్తాడు అని రాస్తే సరిపోయేది, పేరు మీటింగులో చెప్పొచ్చు. గొర్రెల కంచె ఎక్కడుందో ఎవరికీ అక్కరలేదు. నాగవ్వ గనికి వెళ్ళి చూసింది గానీ యాలాల్ వెళ్ళలేదు.

"అయ్యేది," అన్నాను.

"మరి ఎందుకు రాసినవ్?"

"మా ఆయన పోయినప్పుడు సాక్షి లేడని రాసిన్రు బీరమ్మా. ఈసారి ఉన్నడని అందరికీ తెల్వాలని రాసిన."

ఆమె భర్త చేతి కట్టు వైపు చూసింది. గొంతు పెంచలేదు.

"నీ మొగని కోసం నా మొగని పేరు రాసినవ్," అన్నది.

అవునన్నాను. నేను ఇంకా అక్కడే నిలబడి ఉంటే, నీళ్ళ గ్లాసు తీసుకుని అతని నోటికి గుడ్డతో తడి చేయడం మొదలుపెట్టింది. నన్ను కూర్చోమనలేదు.