గోడకు అతికిన రూలు

మా ఆయన అమరేందర్‌తో కాపురం తేలికే. కాగితం మీద అచ్చయిన మాట మీరకపోతే చాలు. కుక్కర్‌తో వచ్చిన పుస్తకంలో లేదని, దాంట్లో పల్లీలు ఉడకబెట్టనివ్వని మనిషి. అలాంటాయనను నల్గొండలో ఒక దవాఖాన మందుల గదికి ఇన్‌చార్జిని చేశారు.

ఈమధ్య యాంటీబయాటిక్స్ మీద సర్క్యులర్ వచ్చింది. ఎడాపెడా వాడితే చివరికి ఏ మందూ పనిచేయదని, బలమైన ఇంజెక్షన్లకు తాళం వేశారు. మైక్రోబయాలజీ డాక్టరు రాంచందర్ సంతకం లేనిదే ఇవ్వకూడదు. మంచి రూలే. ఈయన దాన్ని కౌంటరు పక్క గోడకు జిగురు దట్టంగా పూసి అతికించాడు.

ఇంతలో మా అత్తమ్మ సుగుణమ్మకు మూత్రంలో ఇన్ఫెక్షన్ ముదిరి రక్తంలోకి పాకితే, అదే దవాఖానలో చేర్చాం. బీపీ పడిపోయింది. నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అంది. పాత రిపోర్టులో మామూలు మందులకు లొంగని క్రిమి ఉంది. డ్యూటీ డాక్టరు హరిత ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం, మూత్రం తీయించి, సెలైన్ ఎక్కిస్తూ తాళం వేసిన ఇంజెక్షన్లలో ఒకటైన మెరోపెనెమ్ రాసింది. చీటీ పట్టుకుని మందుల గదికి పరిగెత్తాను.

"సంతకమేది?" అన్నాడు ఈయన.

"మీ అమ్మకయ్యా!"

"అందుకే. సొంత తల్లికైతే రూలు లేదా అంటరు. రాంచందర్ సార్ ఫోన్ ఎత్తుతలేడు."

"ఆయన ఎత్తేదాక అత్తమ్మ పానం ఆగుతదా? దానికి కూడా సర్క్యులర్ పంపిన్రా?"

హరిత వచ్చేసింది. "అమరేందర్ గారూ, ఆమె బీపీ పడిపోయి షాక్‌ల ఉంది. మొదటి డోసుకు ముందు అనుమతి అక్కర్లేదు. సర్క్యులర్‌లనే ఉంది."

"ఏడుంది మేడం? గోడకే ఉన్నది, చదువుండ్రి."

చదివాం. అడుగున మూలకు "పి.టి.ఓ." అని, అంటే పేజీ తిప్పమని ఉంది.

"వెనుక పేజీ ఏదయ్యా?" అన్నాను.

వెనుక పేజీ గోడ చదువుకుంటోంది!

ఒళ్లు మండిపోయింది. గోళ్లతో పీకాను. సున్నంతో సహా ఊడొచ్చింది. జిగురు మరకల మధ్య హరిత గట్టిగా చదివింది: షాక్‌లో ఉన్న రోగికి డ్యూటీ డాక్టరు కారణం రాసి మొదటి డోసు వెంటనే ఇవ్వాలి, ఇరవై నాలుగు గంటల్లోపు అనుమతి తీసుకోవాలి, రాకపోతే ఆపాలి, కల్చర్ రిపోర్టు రాగానే మందు మార్చాలా, తగ్గించాలా చూడాలి.

ఈయన తాళం తీసి ఇంజెక్షన్ హరిత చేతికిచ్చాడు.

సాయంత్రానికి రాంచందర్ వచ్చి, కేసు చూసి సంతకం పెట్టాడు. మర్నాటికి బీపీ నిలిచింది. అత్తమ్మ నన్ను గుర్తుపట్టి, "చాయ్‌ల చక్కెర ఎయ్యవే పిసినారీ" అంది.

నా కోపం మాత్రం దిగలేదు. హరిత ఎదుటే అడిగాను: "గీ కాగితం గోడకున్నన్ని దినాలు ఇంకెవరిని ఆపినవు?"

తల దించుకున్నాడు. "గోపయ్యని ఒకాయనను. గిట్లనే షాక్‌ల వచ్చిండు. సార్ దొరికేదాక మందియ్యలేదు. బతికిండు గని, ఇంకా ఐసీయూలనే ఉన్నడు."

"వాళ్లోళ్లకు చెప్పినవా?"

లేచాడు. ఐసీయూ బయట బల్ల మీద కూర్చున్న గోపయ్య భార్య దగ్గరికి నడిచాడు. వెనకాలే వెళ్లాను.

"అమ్మా, ఆ దినం మందు నేనే ఆపిన. రూలు ఆపలేదు. సగమే చదివి ఆపిన. తప్పు నాదే."