అంకె దాకా రాని చుక్కలు

పెద్ద నర్సమ్మ తమ ఆసుపత్రి ప్రథమచికిత్స పుస్తకం ప్రూఫు కాగితం తెచ్చి నా కీబోర్డు మీద పెట్టింది. "మూర్ఛ ఏ పేజీలో ఉందో చెప్పమ్మా," అంది.

విషయసూచిక మీద వేలు పెట్టాను. మూర్ఛ దగ్గర బయల్దేరిన చుక్కలు సగం దారిలో ఆగిపోయాయి. ఆపైన రెండు వేళ్ల వెడల్పు ఖాళీ. నా వేలు కింది వరుసలోకి జారి నలభై ఒకటి మీద నిలిచింది.

"అది ముక్కులోంచి రక్తం. మూర్ఛ ముప్పై ఎనిమిది," అందావిడ. "మంచం మీద మనిషి కొట్టుకుంటుంటే మా కొత్త పిల్లలు తడుముకుంటూ కూర్చోవాలా? పన్నెండు దాకా ఉంటాను. కాకపోతే ఎదురు ప్రెస్సుకిచ్చేస్తాను."

ఆసుపత్రి పనులు పోతే ఈ గదిలో ఒక్క సిస్టమే ఉంచుతానని మా ఓనరు నెల కిందటే తేల్చి చెప్పాడు. ఉన్నవి రెండు. ఒకటి నాది, పక్కది మా ఆడపడుచుది. దానికి పని నేర్పింది నేనే. అప్పటికి పదకొండుంపావు అయింది.

పద్దెనిమిదేళ్లుగా చుక్కలు చేత్తోనే కొడుతున్నాను. ఫుల్‌స్టాప్ మీట నొక్కిపట్టి, అంకె దగ్గరకొచ్చాక వదిలేస్తాను. అదో పెద్ద విద్య అయినట్టు గొప్పలు కూడా పోయాను. నిన్న నర్సమ్మ అక్షరాలు పెద్దవి చేయమంది. చేయగానే కొన్ని అంకెలు కింది వరుసలోకి దూకేశాయి. కంగారులో ఎడాపెడా చుక్కలు చెరిపేసి ఖాళీలు కొడితే ఇదిగో, ఈ నిర్వాకం.

మళ్లీ మొదలుపెట్టాను. కాలిన గాయాలకు మూడు చుక్కలు కలిపితే చాలలేదు, నాలుగు కలిపితే అంకె కిందపడింది. పాముకాటుకి ఖాళీలు కొడితే తెరమీద సరిపోయింది, కాగితం మీద వంకరగా వచ్చింది. అరవై రెండు వరుసలు! ఫ్యాన్ మీదా, మీట మీదా, చివరికి ఓనరు దగ్గు మీదా విసుక్కున్నాను.

"చుక్కలంటే అంతేలే, కాస్త అటూ ఇటూ అవుతాయి," అని గొణిగాను.

"అవ్వవు వదినా," అంది ఆడపడుచు, నెమ్మదిగా.

"ఏంటే?"

"ట్యాబ్ మీటతో పెడితే అవ్వవు. చుక్కల్ని అదే వేసుకుంటుంది, అంకె దాకా."

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"రెండేళ్లయింది. నీ చుక్కల్ని వేలెత్తి చూపించి ఇంట్లో అన్నం తినగలనా?"

ఒళ్లు మండింది. కానీ టైం పదకొండున్నర. లేచి నా కుర్చీ దానికిచ్చాను.

వరుసగా రెండు, అంతకుమించి చుక్కలున్న చోటల్లా వెతికించి, గుంపుకొక ట్యాబ్ పెట్టించి, అంకెల ముందున్న ఖాళీలు తీయించింది. సూచిక మొత్తాన్నీ ఎంచుకుని, ట్యాబ్ వెళ్లి ఆగే పాత చోట్లు తీసేసింది. పేజీ రాత వెడల్పు పదకొండు సెంటీమీటర్లు. సరిగ్గా అక్కడే ట్యాబ్ ఆగే కొత్త చోటు పెట్టి, కుడికి అమర్చి, మధ్య ఖాళీ నింపడానికి చుక్కల గీత ఎంచుకుంది. ఒక్క దెబ్బకి అంకెలన్నీ కుడి అంచున కుదురుగా నిలబడ్డాయి. ప్రతి పేరు నుంచీ చుక్కలు అంకెను తాకేదాకా వెళ్లాయి.

ఒక్క మూర్ఛ మాత్రం మొండికేసింది. దాని అంకె కింది వరుసలో పడి ఉంది.

"చూశావా, నీ ట్యాబ్!" అన్నాను, ఆ క్షణాన సిగ్గులేకుండా సంతోషపడుతూ.

ఆడపడుచు తెరమీద దాగిన గుర్తులు తెరిచి చూపింది. కంగారులో నేను చుక్కల మధ్య ఒక ఖాళీ కొట్టాను. అందుకే రెండు గుంపులై రెండు ట్యాబులొచ్చాయి. ఈసారి నేనే ఒకటి చెరిపాను. ముప్పై ఎనిమిది ఎగిరి తన చోట కూర్చుంది.

పన్నెండుకి ఎనిమిది నిమిషాలుండగా ప్రింటు తీసిచ్చాను. పెద్ద నర్సమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో వరుస మీదా వేలు నడిపింది. వేలు ఎక్కడా జారలేదు.

"వెయ్యి కాపీలు వేసెయ్యండి," అంది. ఓనరు తలుపు దగ్గర నుంచే నవ్వాడు.

పేర్లన్నీ వచ్చాయో లేదో చివరిసారి చూసుకోవడానికి నర్సమ్మ సంచిలోంచి పాత పుస్తకం తీసింది. నాలుగేళ్ల కిందట నేను చేసిందే. విషయసూచిక తెరిచింది. ప్రతి పేరు నుంచీ అంకె దాకా స్కేలు పెట్టి గీసిన పెన్సిల్ గీతలు. కొన్ని చెరిగిపోతే, వాటి మీద మళ్లీ గీశారు.

"అన్ని కాపీల్లోనూ ఇలాగే గీసుకున్నాం," అందావిడ మామూలుగా.

"అయ్యో, మాకొక మాట చెప్పాల్సిందమ్మా," అన్నాను.

"అప్పుడే ఫోన్ చేశాను కదా. చుక్కలంటే అంతేలే, కాస్త అటూ ఇటూ అవుతాయి అన్నారెవరో."

ఆడపడుచు నా వైపు చూడకుండా ప్రింటు కాగితాలు సర్దడం మొదలుపెట్టింది.