మెల్లగా మాట్లాడరా

సాయంత్రం మందుల షాపు జనంతో కిటకిటలాడుతోంది. యజమాని కొడుకు, పద్నాలుగేళ్లవాడు, నడుం వంచుకుని లోపలికొచ్చాడు.

"నాన్నా, ఎడమ వట్ట ఉన్నట్టుండి విపరీతంగా నొప్పెడుతోంది. వాంతి కూడా అయింది."

తండ్రికి తల కొట్టేసినంత పనైంది. "మెల్లగా మాట్లాడరా, అందరూ వింటున్నారు!" అని కసిరి, వాడి చేతిలో నొప్పి బిళ్ల పెట్టాడు. "బంతి తగిలుంటుంది. తగ్గకపోతే పొద్దున చూద్దాంలే."

ఏ నొప్పని ఎవరొచ్చినా "డాక్టరుకి చూపించారా?" అని అడగందే మందివ్వని మనిషి ఆయన. ఆ ఒక్క మాట కొడుకు దగ్గర నోటికి రాలేదు.

పిల్లవాడు రాత్రంతా దిండు కరుచుకుని పడుకున్నాడు గానీ మళ్లీ నోరెత్తలేదు. తెల్లారేసరికి అక్కడ వాచి ఎర్రబడింది. అప్పుడు ఆసుపత్రికి పరిగెత్తారు.

ఆపరేషన్ గది నుంచి బయటికొచ్చిన సర్జన్ తండ్రిని పక్కకు పిలిచాడు. "వృషణం మెలిపడి రక్తం ఆగిపోయింది. ఆరు గంటల్లోపు తెచ్చుంటే మెలి విప్పి దాదాపు ఖాయంగా కాపాడేవాళ్లం. నల్లబడిపోయింది, తీసేయాల్సొచ్చింది. రెండోది మెలిపడకుండా కుట్టేశాం. మెలి విప్పే బిళ్ల లేదని మీకు తెలియదా?"



మధ్యాహ్నానికి పిల్లవాడికి పూర్తిగా మెలకువొచ్చింది. "నొప్పి ఎక్కడుంది బాబూ?" అని నర్సు అడిగింది. పక్క మంచాల దగ్గర జనం ఉన్నారు. వాడు ముందు తండ్రి ముఖంలోకి చూశాడు. తర్వాత నర్సును దగ్గరికి రమ్మని, చెవిలో చెప్పాడు.