ఓర్విల్ ఇంటి వైఫై

తప్పంతా ఆ నీళ్ల డబ్బాది. దానికి మూత ఉంటే ఫోను అందులో పడేది కాదు. పడకపోతే కొత్త ఫోను కొనే పని లేదు. కొనకపోతే ఓర్విల్ టెస్కీ మొహం గుర్తు చేసుకునే ఖర్మ పట్టేది కాదు. మూత పోగొట్టింది తనే అన్న సంగతి నోర్బర్ట్ లషాన్స్ మనసులో ఒక మూలన కూర్చుని ఉంది. దాన్ని అక్కడే కూర్చోనిచ్చాడు.

థండర్ బే రేవు పక్కన, మంచు మీద బరువైన రాళ్లు జార్చి ఆడే ఆ కర్లింగ్ క్లబ్బులో ఇరవై రెండేళ్లుగా మంచు పరిచేది అతనే. పొద్దున ఆట మొదలవక ముందు డబ్బాలో వేడినీళ్లు నింపుకుని, వీపున తగిలించుకుని, మంచు మీద సన్నని చినుకులు చల్లుకుంటూ పోవాలి. ఆ చినుకులు గడ్డకట్టి పైన పొక్కుల్లా నిలిస్తేనే రాయి జారుతుంది. ఈ పొద్దున నీళ్లు నింపడానికి వంగినప్పుడు చొక్కా జేబులోంచి ఫోను డబ్బాలోకి దూకింది. జారలేదు, దూకింది. నోర్బర్ట్ ఆ మాట మీదే ఉన్నాడు.

దుకాణంలో కొత్త ఫోను చేతికిచ్చిన మనిషి, పాత ఫోనులో ఉన్నవన్నీ ఇందులోకి తెచ్చుకుంటారా అని అడిగాడు. మంచు ఎదురుచూస్తోందని వద్దన్నాడు నోర్బర్ట్. క్లబ్బుకు వచ్చి ఫోను తెరిస్తే అది అప్పుడే పుట్టిన పిల్లలా ఎవరినీ ఎరగనట్టు చూసింది.

రేపు సాయంత్రం ఐదింటికి పోటీలు. ముప్పై రెండు జట్లు వస్తున్నాయి. మంచు ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయినా రాళ్లు దారి తప్పుతాయి, నిందలు మాత్రం దారి తప్పకుండా నోర్బర్ట్ దగ్గరికే వస్తాయి. మంచు అడుగున పాతిన చిన్న చిన్న కొలత పరికరాలు ఎంత చలి ఉందో చెబుతాయి. చెప్పేది ఫోనుకే, అదీ క్లబ్బు లోపలి వైఫై మీదే. చేత్తో పెట్టి చూసే పాత థర్మామీటరు పోయిన ఏడాదే చచ్చింది. అతిథుల వైఫైకి పాస్‌వర్డు లేదు, ఎవరైనా ఎక్కవచ్చు, కానీ ఆ పరికరాలు దాని మీద ఉండవు. లోపలి వైఫై పాస్‌వర్డు తెలిసినవాడు లోకంలో ఒక్కడే. అక్టోబరులో కొత్త వైఫై పెట్టె బిగించి, పద్నాలుగు పరికరాలు ఒక్కొక్కటిగా దానికి ముడివేసినవాడు. అప్పుడు నోర్బర్ట్ ఫోను లాక్కుని, "ఇలా ఇవ్వరా, నీ వేళ్లతో నువ్వు టైపు చేసేలోగా మంచు కరిగిపోతుంది," అని తనే నొక్కి పెట్టినవాడు. పెట్టె వెనక మీట నొక్కి మొదటికి తేవచ్చు. అప్పుడు ఆ పద్నాలుగింటి ముడులూ తెగిపోతాయి. మళ్లీ వేయడం తెలిసినవాడూ ఆ ఒక్కడే, ఓర్విల్.

నవంబరులో, సీజను మొదటి ఆటలో, ఆ ఓర్విల్ ఆఖరి రాయి సగం దూరంలో ఆగిపోయింది. అందరూ వింటుండగా అతను, నోర్బ్ మంచు పరచలేదు, గంజి కాచాడు అన్నాడు. నోర్బర్ట్ ఊరుకుని ఉండాల్సింది. మంచు బాగానే ఉంది, కరిగిపోయింది నీ మోకాలే అన్నాడు. ఆ మోకాలికి ఆపరేషను కోసం ఓర్విల్ ఏడాదిగా వరసలో ఉన్నాడని క్లబ్బంతటికీ తెలుసు. అతని భార్య మోనా పక్కనే ఉంది. నవ్వుదామని నోరు తెరిచినవాళ్లు అలాగే మూశారు. ఓర్విల్ తన దగ్గరున్న క్లబ్బు తాళాల గుత్తి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ మాట బయటికి వచ్చిన క్షణంలోనే అది తప్పని నోర్బర్ట్‌కు తెలుసు. అప్పటినుంచి మూడు నెలలుగా తన బుర్రలో తనే ముద్దాయి, తనే వకీలు, తనే జడ్జి. కేసు రోజూ గెలుస్తున్నాడు, శిక్ష మాత్రం రద్దు కావడం లేదు. ఆ రాత్రి ఇంటికి పోయి, కోపం దేని మీద చూపించాలో తెలియక, ఫోనులో ఉన్న ఓర్విల్ ఇంటి వైఫైని తీసిపారేశాడు. చాలా గొప్ప దెబ్బ కొట్టినట్టు అనిపించింది. ఓర్విల్‌కు ఆ సంగతి ఎప్పటికీ తెలియదన్నది తర్వాత తట్టింది.

వంటింట్లో ఐలా మక్కొనెన్ ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి. గ్రంథాలయంలో పనిచేసినన్నాళ్లూ గురువారం గురువారం ముసలివాళ్లకు ఫోన్లు నేర్పేది. ఇప్పుడు క్లబ్బుకు వండి పెడుతోంది, కానీ ఆ ఓపికా ఆ వెటకారమూ అలాగే ఉన్నాయి. గులాబీ పూత పూసిన పర్షియన్ బన్ను సగం తిని పక్కన పెట్టి, ఫోను చేతిలోకి తీసుకుంది.

"పాతవి తెచ్చుకుంటావా అని మొదట్లోనే అడిగి ఉంటుందే. ఏమన్నావు?"

"వద్దన్నా."

"ఎవరేం అడిగినా ముందు వద్దనడమేగా నీ అలవాటు. వైఫైలు తిరిగి రావాలంటే ఆ గుమ్మం దగ్గరే రావాలయ్యా. దాటి లోపలికొచ్చేశావు. ఇప్పుడు మొత్తం తుడిచేసి మళ్లీ గుమ్మం బయట నిలబడాలి."

తుడిచేశారు. అతిథుల వైఫై పట్టుకుని మళ్లీ మొదలుపెట్టారు. క్లౌడులో దాచిన పాత ఫోను బ్యాకప్పు మూట విప్పాలంటే పాత ఫోను తాళం అంకె కావాలంది. నోర్బర్ట్ ఐలా వైపు వీపు పెట్టి 1994 నొక్కాడు. అంకె ఆమెకే కాదు, క్లబ్బులో ప్రతివాడికీ తెలుసు. ఆ ఏడాది నోర్బర్ట్, ఓర్విల్ ఒకే జట్టులో ఆడి జిల్లా కప్పు గెలిచారు. ఆఖరి రాయి వదిలింది ఓర్విల్. అది జానెడు తక్కువగా ఆగిపోవలసిన రాయి, దాని ముందు మంచును చీపురుతో ఊపిరి తెగేలా తుడిచి, ఇంకాస్త జారేలా చేసి గమ్యం చేర్చింది నోర్బర్ట్. ఓర్విల్ మాత్రం ముప్పై ఏళ్లుగా చెప్పేది వేరు. రాయి తనదట, ఎవడో దాని ముందు చీపురు పట్టుకుని పరిగెత్తాడట.

మూట కట్టిన తేదీ తెర మీద కనబడింది. ఆగస్టు పందొమ్మిది.

ఐలా కళ్లజోడు సర్దుకుని, అతని ఖాతాలో రెండు వేల చేపల ఫొటోలున్నాయనీ, చోటు నిండిపోయి ఆగస్టులోనే మూట కట్టడం ఆగిపోయిందనీ, ఆ సంగతి ఫోను ఎన్నోసార్లు చెప్పే ఉంటుందనీ చెప్పింది. చెప్పింది నిజమే. ప్రతిసారీ ఆ సందేశాన్ని నోర్బర్ట్ దోమను తోలినట్టు పక్కకు తోలేశాడు.

పావుగంటలో జాబితా దిగింది. పేర్లు ఒక్కొక్కటే చదివాడు. కూతురి ఇల్లు. పళ్ల డాక్టరు. కెనోరాలో ఎలుకలున్న మోటెలు. క్లబ్బు పాత పెట్టె కూడా వచ్చింది. ఆ పెట్టె అక్టోబరులోనే చెత్తలోకి పోయింది, ఇక ఎక్కడా పలకదు. కొత్త పెట్టె పేరు లేదు. ఆగస్టు మూటలో అక్టోబరు ఉండదని ఐలా ముందే చెప్పింది, అయినా రెండుసార్లు వెతికాడు. మామూలు పనిరోజుల్లో తను బాయిలర్లు చూసే ఆసుపత్రిలోని ఉద్యోగుల వైఫై కూడా లేదు.

"అదెందుకు రాలేదు? అది మూడేళ్లుగా ఉంది."

"నీ పేరూ, నీ పాస్‌వర్డూ రెండూ అడిగే ఆఫీసు వైఫైలను మూటలో కట్టదు. అవి సోమవారం ఆఫీసులోనే అడుక్కో."

అప్పుడు కనబడింది, జాబితా అడుగున. టెస్కీ కోట.

"దీన్ని నేను తీసేశాను," అన్నాడు. "నవంబరులో. నా చేత్తో."

"తీసింది నవంబరులో. మూట కట్టింది ఆగస్టులో. ఆగస్టుకు నీ నవంబరు పౌరుషం ఏం తెలుస్తుంది?"

ఆమె బన్ను మళ్లీ అందుకుంది. ఓర్విల్ వయసు మగవాళ్లు ఇంటికీ, పడవకీ, బ్యాంకుకీ ఒకటే పాస్‌వర్డు పెడతారనీ, అదే క్లబ్బుకూ పెట్టి ఉంటాడనీ, చూడమనీ అంది. దాచిన వైఫైని ఇంకొకరితో పంచుకునే చోట నొక్కితే సరి. నోర్బర్ట్‌కు గుండె తేలికపడింది. అడగనక్కరలేదు. దొంగిలించిన పాస్‌వర్డుతో పని జరిగిపోతే ఓర్విల్ అక్కడ, తను ఇక్కడ, పౌరుషం మధ్యలో క్షేమంగా ఉంటుంది.

వేలిముద్ర అడిగింది. పెట్టాడు. నల్ల గళ్ల చతురస్రం, దాని కింద అక్షరాలు. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో కూర్చుని హాకీ చూసినా, ఆ అక్షరాలు ఎప్పుడూ చూడలేదు. ఓర్విలే టైపు చేసి ఇచ్చేవాడు. చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీలు లేవు. విడదీసి చదువుకున్నాడు.

నోర్బ్ తుడిచాడు 1994.

మళ్లీ చదివాడు. ఈ ముసలి వెధవ ముప్పై ఏళ్లు నోటితో ఒప్పుకోనిది, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ, కేబులు వాడికీ, మనవలకూ స్వయంగా చేత్తో రాసి ఇస్తూ వచ్చాడు. ఒక్క నోర్బర్ట్‌కే కనబడనివ్వలేదు. నవ్వొచ్చింది. నవ్వు వెనకాల ఇంకేదో వచ్చింది, దాన్ని దగ్గుతో తోసేశాడు.

"ఏముంది?" అంది ఐలా.

"ఏదో పిచ్చి మాట."

క్లబ్బు లోపలి వైఫైకి అదే కొట్టి చూశాడు. పాస్‌వర్డు తప్పంది. ఐలా కళ్లు పైకెత్తి ఫోన్ చేయమంది. కొత్త ఫోను, నంబరు లేదన్నాడు. నంబర్లన్నీ ఖాతాలోంచి వచ్చేశాయని ఆమె తెర చూపించింది. బయట చలికి సిగ్నలు సరిగా ఉండదన్నాడు. ఆమె ట్రక్కు తాళాలు అతని ముందుకు తోసింది. గ్రంథాలయంలో గురువారాలు ఎలా గడిచాయో ఆ తోపులో తెలిసింది.

ట్రక్కు తీశాడు. క్షమాపణ చెప్పడానికి కాదు. ఒక్క విషయం తేల్చుకోవడానికి. కోపం వచ్చిన మనిషి చేసే మొదటి పని పాస్‌వర్డు మార్చడం. తను ఆ రాత్రే తీసేశాడు, ఓర్విల్ తక్కువ తిన్నాడా? ఫోను ఆ వైఫైని పట్టుకోకపోతే మార్చేశాడన్నమాట. అప్పుడు మర్యాదగా వెనక్కి తిరిగి, గంజి మంచు మీదే ముప్పై రెండు జట్లనూ ఆడించవచ్చు. ఈ ఏర్పాటులో తన తప్పేమీ ఉండదు. దారంతా ఏర్పాటు బాగానే ఉన్నట్టనిపించింది.

ఓర్విల్ ఇంటి ముందు దారిలో మంచు ఎత్తలేదు. ఎప్పుడూ గీత గీసినట్టు శుభ్రంగా ఉండే దారి. మోకాలు, అనుకున్నాడు. మెట్ల పక్క గుట్టలో పార నిలబెట్టి ఉంది, మధ్యలో వదిలేసినట్టు. ఇంజను ఆపాడు. ఫోను ఒళ్లో పెట్టుకుని చూశాడు. వైఫై గీతలు ఖాళీగా ఉన్నాయి. ఇంకొంచెం సేపు ఖాళీగానే ఉంటే వెళ్లిపోదామని రివర్సు గేరు మీద చెయ్యి వేశాడు.

తెర మీద చిన్న విసనకర్ర బొమ్మ ఒకసారి మెరిసింది, నిండింది. టెస్కీ కోటకు కనెక్టయింది.

మార్చలేదు. బద్ధకం కావచ్చు. ఓర్విల్‌కు పడవ దగ్గర తప్ప ఎక్కడా బద్ధకం లేదని నోర్బర్ట్‌కు తెలుసు. మోనాకు కొత్తది నేర్పలేక వదిలేశాడేమో. మార్చడమే తట్టలేదేమో. ఈ మూడింటిలో ఏది నిజమో ట్రక్కులో కూర్చుంటే తేలేది కాదు, అలాగని కూర్చోవడం మానలేదు. అద్దాల మీద ఊపిరి ఆవిరి పట్టేసి ఇల్లు కనబడటం మానేదాకా కూర్చున్నాడు.

దిగాడు. మెట్ల దగ్గర పార తీసి, దారి కాకుండా గుమ్మం ముందున్న రెండడుగుల చోటులో మాత్రం మంచు ఎత్తాడు, నిలబడటానికి. చేతి తొడుగు పళ్లతో లాగి తీసి, గంట నొక్కాడు.