డాక్టర్ గాబ్రియెల్‌కు వచ్చిన ఉత్తరాలు

ఫిలిప్పీన్స్‌లోని జనరల్ శాంటోస్ రేవు పక్కనున్న ట్యూనా డబ్బాల ఫ్యాక్టరీలో శిక్షణ వీడియోలు తయారుచేసే పని ఎడితా మగ్బనువాది. ఆమె పై అధికారి రొమ్మెల్ కుయిజోన్‌కు మనుషుల కంటే తెరపై పాఠం చెప్పే ఏఐ అవతార్ ముద్దు. అది ఎదురు చెప్పదు, మెరియెండా అనే సాయంత్రపు చిరుతిండి వేళకు లేచిపోదు. దానికి తెల్లకోటు తొడిగించి, డాక్టర్ గాబ్రియెల్ అని పేరుపెట్టి, ఇరవై ఏళ్ల అనుభవం కూడా రాసిపెట్టాడు.

డబ్బాలను ఆవిరితో ఉడికించే రిటార్టు మూత తీసే పద్ధతిపై మొదటి పాఠం రాసిందీ రొమ్మెలే. ఒక్కో వాక్యం అర పేజీ పొడవు. అవతార్ ఊపిరి పీల్చకుండా చదివేసింది. పీడనం కొలతకు వాడే పీఎస్ఐ అనే పొడి అక్షరాలను ఒక ముద్దుపేరులా పలికింది. "వాల్వును ఇలా తిప్పండి" అంటూ రెండు చేతులూ గాలిలోకి చాచింది. అక్కడ వాల్వూ లేదు, తిప్పడమూ లేదు. రొమ్మెల్ మాత్రం పెళ్లికొడుకును చూసిన మామలా మురిసిపోయాడు.

ఎడితా దాన్ని తిరగరాసింది. వాక్యానికి ఒక్క పని. పొడి అక్షరాల బదులు పూర్తి మాటలు. అవతార్ తడబడే పేర్లను పలికే తీరులోనే రాసింది. చేత్తో చూపాల్సిన చోట అవతార్‌ను తీసేసి, పనివాళ్ల చేతులను చిత్రీకరించి పెట్టాలంది. ఇది కంప్యూటర్ చేసిన బొమ్మ అని మొదట్లోనే చెప్పాలని కూడా అంది. ఆమె తిరగరాసింది రొమ్మెల్ ఒప్పుకున్నాడు గానీ, చిత్రీకరణకు తీరిక లేదన్నాడు. చివరిదైతే వినిపించుకోనేలేదు. బొమ్మ అని చెబితే ఎవరు వింటారని ఆయన వాదన. ఎడితా నోరు మూసుకుంది. తర్వాత ఆమెను బాధించింది ఆ మౌనమే.

వీడియో చివర, సందేహాలుంటే డాక్టరుగారికి రాసి పెట్టెలో వేయమన్నారు. రొమ్మెల్ తెలివి అది. నెల తిరిగాక ఏదో ఫైలు కోసం ఆయన బల్ల సొరుగు తెరిచిన ఎడితాకు ముప్పై దాకా విప్పని కాగితాలు కనిపించాయి. అందులో నాలుగు ఒకే దస్తూరీ. రాసింది మనాంగ్ పెర్లా. పద్దెనిమిదేళ్లుగా మూడో నంబరు రిటార్టు దగ్గరున్న మనిషి. ఫ్యాక్టరీలో అందరూ ఆవిడను మనాంగ్ అనే పిలుస్తారు, అక్కా అన్నట్టు.

మొదటి మూడింటిలోనూ ఒకటే ప్రశ్న. పీడనం చూపే గేజి ముల్లు సున్నాకు రాగానే మూత తీయమన్నారు, మూడో నంబరు ముల్లు ఆవిరి ఉండగానే సున్నా దగ్గర ఇరుక్కుంటుంది, మేం పక్కనున్న చిన్న కుళాయి తెరిచి ఆవిరి రావడం లేదని చూసుకుంటాం, మీరు ఆ మాట చెప్పలేదు, కొత్తవాళ్లు మీరు చెప్పిందే చేస్తున్నారు. నాలుగోది ప్రశ్న కాదు. మనవరాలి బాప్తిస్మానికి డాక్టరుగారు నినోంగ్‌గా, అంటే జ్ఞానతండ్రిగా నిలబడాలని ఆహ్వానం.

ఎడితా ఆ నాలుగూ తెచ్చి వారాంతపు సమావేశంలో ముందు పెడితే, రొమ్మెల్ ఆహ్వానాన్ని మాత్రం గొంతు మార్చి చదివి వినిపించాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"మిగతా మూడూ చదవండి సార్," అంది ఎడితా.

"ఎందుకు?"

"అందులో ఎవరి ముఖం కాలుతుందో రాసుంది."

ఆయన చదవకపోతే ఆమే చదివింది. ప్లాంటు హెడ్ ఎస్టేర్ లింబాగా ఆవిరి పని తెలిసిన మనిషి. ఈ పాఠాన్ని పరీక్షించింది ఎవరని అడిగింది. రొమ్మెల్ అవతార్ పేరు చెప్పబోయి ఆగాడు. తనకిచ్చింది చదవడం తప్ప దానికి తప్పొప్పులు తెలియవని అప్పుడు అందరికీ అర్థమైంది. లింబాగా మూడో రిటార్టును ఆ పూటే ఆపించి గేజి మార్పించింది. వీడియో వెనక్కి తీసుకోమంది.

కొత్త వీడియోలో తెల్లకోటు లేదు, డాక్టర్ లేడు. "నేను ఏఐతో చేసిన బొమ్మను. ఈ పాఠం రాసింది ఎడితా మగ్బనువా, సరిచూసింది పెర్లా సలిగుంబా. సందేహాలకు వాళ్లను అడగండి," అని మొదలవుతుంది. ఆ మాట చివరిదాకా తెర మూలన అక్షరాల్లోనూ ఉంటుంది. కుళాయి తెరిచే చోట కనిపించేవి పెర్లా చేతులు. కాలిన మచ్చలున్న ఆ చేతులను కొత్తవాళ్లు కన్నార్పకుండా చూశారు. వినరని భయపడిన రొమ్మెల్ వెనక నిలబడి గడియారం చూసుకున్నాడు.

క్షమాపణ చెప్పడానికి ఎడితా భోజనశాలకు వెళ్లింది. పెర్లా ఎండుచేప, అన్నం కలుపుకుంటూ తలెత్తకుండానే అడిగింది.

"నీకు ముందే తెలుసా, అది మనిషి కాదని?"

"తెలుసు మనాంగ్."

"ఆ కాగితం రాయడానికి మా కోడలి చేత రెండుసార్లు తప్పులు దిద్దించుకున్నానే. సిగ్గు నాదా, మీదా?"

"మాదే."

పెర్లా పళ్లెం పక్కకు జరిపింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. ఎడితా నిలబడే ఉండి, ఉప్పునీళ్ల తొట్టి దగ్గర చేయాల్సిన రెండో పాఠంలో తాము ఏమేం తప్పులు రాయొచ్చో ముందే చెప్పమని అడిగింది. పెర్లా చేయి కడుక్కుని వచ్చి, ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది, గొంతులో కోపం ఏమాత్రం తగ్గించకుండా.