బరువెక్కిన నీళ్లు

ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపిన మనిషికి బ్యాటరీ గురించి ఇంకొకరు చెప్పాలా? రిటైరైన డ్రైవర్‌గారి గర్వమంతా అందులోనే ఉంది. అందుకే ఆస్పత్రిలో డాక్టర్ కళ్లజోడు మీదుగా చూస్తూ, "ఆక్సిజన్ మెషీన్ పెట్టుకుంటే మీ ఆవిడని శుక్రవారం ఇంటికి పంపిస్తాను. కానీ మీ వైపు రోజూ ఒంటిగంట నుంచి మూడింటిదాకా కరెంటు కోత ఉంటుందటగా?" అని అడగ్గానే ఆయన ఛాతీ విరుచుకున్నాడు.

"ఇన్వర్టర్ ఉంది సార్. నేనే స్వయంగా చూసుకుంటా."

"మంచిది. గురువారం మెషీన్ కంపెనీ మనిషి వచ్చి రెండు గంటలు నడిపి చూస్తాడు. ఆగిపోతే మాత్రం పంపను."

ఇరవై రెండు రోజులుగా ఆ మంచానికి అతుక్కుపోయిన భార్య, ముక్కుకి గొట్టంతోనే చిన్నగా నవ్వింది. ఆమెకి అక్కడి గోడల రంగు, దుప్పట్ల వాసన, పక్క మంచం ఆవిడ ఫోను కబుర్లు అన్నీ మొహం మొత్తాయి. ఇంటికి వెళ్తానన్న ఒక్క మాట మీదే రోజులు లాక్కొస్తోంది.

ఆదివారం సాయంత్రం డ్రైవర్ ఇంటికొచ్చి, ఎందుకైనా మంచిదని పరీక్ష పెట్టాడు. మెషీన్ లాగేంత కరెంటు లాగేలా వంద వాట్ల బల్బులు మూడు, ఒక ఫ్యాను వేసి, మెయిన్ స్విచ్ ఆపి, గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పద్దెనిమిదో నిమిషంలో ఇన్వర్టర్ కూయడం మొదలుపెట్టింది. ఇరవయ్యో నిమిషంలో ఇల్లంతా చీకటైంది. ఆ చీకట్లో ఆయనకి భార్య నవ్వు గుర్తొచ్చింది.

సోమవారం తెల్లారగానే బజారులో బ్యాటరీల షాపు తలుపు తట్టాడు. ఆ షాపు నడిపేది నలభై దాటిన ఒకావిడ. గాజు గొట్టానికి రబ్బరు బుడ్డి తగిలించిన హైడ్రోమీటరు చేతిలో లేకుండా ఆమెని చూసినవాళ్లు లేరు. ఎవరు ఏం చెప్పినా మొదట "గ్రావిటీ ఎంత?" అని అడుగుతుంది కాబట్టి బజారంతా గ్రావిటీ అక్క అనే పిలుస్తుంది.

"ఇన్వర్టర్‌కి కొత్త ట్యూబులర్ బ్యాటరీ కావాలమ్మా, పెద్ద సైజుది. ఇవాళే. గురువారం ఆక్సిజన్ మెషీన్ పరీక్ష ఉంది," అన్నాడు డ్రైవర్.

"ఎండాకాలం బాబాయ్. ఆ సైజు ఎక్కడా లేదు, పది రోజులు పడుతుంది. పాతది ఎన్నాళ్లయింది?"

"ఏడాదిన్నర."

ఆమె చేతిలో పని ఆపేసింది. "ట్యూబులర్ గట్టి రకం, ఏడాదిన్నరకి దానంతట అది చావదు. పదండి, చూద్దాం."

ఇంట్లో మెట్ల కింద ఉన్న బ్యాటరీ ముందు ఆమె గొంతుక్కూర్చుంది. పైన ఆరు మూతల్లోంచి ఆరు చిన్న పుల్లలు తలెత్తుకుని నిలబడి ఉన్నాయి. లోపలి నీటి మట్టాన్ని చూపించే తేలుడు పుల్లలవి.

"చూశారా, ఆరూ నిండుగా ఉన్నాయి," అన్నాడు డ్రైవర్. "పొద్దున్నే లేచి మొదట వీటినే చూస్తాను. అరంగుళం దిగితే చాలు, పోసేస్తా. అదీ డిస్టిల్డ్ వాటరే. కుళాయి నీళ్లు నా దగ్గర కుదరవు."

ఆమె బ్యాటరీ పక్కన యాసిడ్ పడి తెల్లగా తినేసిన నేల పలకని వేలితో చూపించింది. తర్వాత చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, ఛార్జింగు ఆపి, కాసేపాగి, ఒక మూత తిప్పి హైడ్రోమీటరు దించింది. గొట్టంలోకి ఎక్కిన నీటిలో చిన్న గాజు తేలుడు లోతుగా మునిగిపోయింది.

"పదకొండు ముప్పై," అంది.

డ్రైవర్ గడియారం వంక చూశాడు. "లేదే, తొమ్మిదిన్నరేగా?"

ఆమెకి నవ్వాగలేదు. "టైం కాదు బాబాయ్, గ్రావిటీ. యాసిడ్ ఎంత ఉంటే నీళ్లు అంత బరువు. ఒకటి పాయింట్ ఒకటి మూడు. మేం అలాగే చెప్పుకుంటాం. ఫుల్‌గా ఛార్జయితే పన్నెండు నలభై రావాలి."

"అంటే పన్నెండు నలభైకి చేరాల్సిన బండి పదకొండు ముప్పై దగ్గరే ఆగిపోయిందన్నమాట."

"మీరు మీ లెక్కలోనే చెప్పుకోండి, తప్పులేదు."

"మరి పుల్లలు నిండుగా ఉన్నాయి కదా. ఇన్వర్టర్ మీద కూడా ఫుల్ అనే వస్తోంది."

"పుల్ల చెప్పేది నీళ్లు ఎన్ని ఉన్నాయో. ఛార్జి ఎంత ఉందో దానికి తెలీదు. మంచినీళ్లు నింపినా పుల్ల అలాగే నిలబడుతుంది. మీరు పుల్ల మీది గుర్తు దాటించి పోశారు. ఛార్జింగులో పొంగినప్పుడల్లా పైకి పోయింది నీళ్లు మాత్రమే కాదు, యాసిడ్ కూడా. ఆ పోయిన చోట మళ్లీ నీళ్లు పోశారు. మజ్జిగ పలచనైనట్టు పలచనైపోయింది."

డ్రైవర్ మొహం ఎర్రబడింది. ఆమె మాత్రం అంతటితో ఊరుకోలేదు. "ఇదొక్కటే అయితే ఇంత పాడవదు," అంటూ ఇన్వర్టర్‌ని గోడ నుంచి జరిపి, వెనక దుమ్ము తుడిచింది. అక్కడ బ్యాటరీ రకాన్ని బట్టి మార్చే, వేలి గోరంత స్విచ్ ఒకటి బయటపడింది. ఒక పక్క ఫ్లాట్ అని, ఇంకో పక్క ట్యూబులర్ అని రాసి ఉంది. స్విచ్ ఫ్లాట్ వైపు ఉంది.

"ఇంతకుముందు ఫ్లాట్ బ్యాటరీ ఉండేదా?"

"ఉండేది. అది పోతే ఇది తెచ్చి నేనే బిగించాను."

"వెనక స్విచ్ మార్చలేదు."

"బస్సులో అలాంటి స్విచ్ ఉండదమ్మా," అన్నాడాయన. ఆ మాట ఆయనకే చిన్నపిల్లాడి సాకులా వినిపించింది.

ఆమె మెల్లగా చెప్పింది. కరెంటు వాడుకున్నప్పుడల్లా నీళ్లలోని యాసిడ్ ప్లేట్లలోకి వెళ్లి తెల్లటి ఉప్పులా పడుతుందట. ఛార్జి పూర్తిగా ఎక్కితే ఆ ఉప్పు కరిగి యాసిడ్ మళ్లీ నీళ్లలోకి వచ్చేస్తుందట. ట్యూబులర్‌కి కొంచెం ఎక్కువ వోల్టేజి కావాలి. ఫ్లాట్ సెట్టింగులో ఇన్వర్టర్ ముందే ఫుల్ అనేసి చేతులు దులుపుకుంటుంది. ఏడాదిన్నరగా రోజూ కొంచెం ఉప్పు లోపలే మిగిలిపోయి గట్టిపడింది. దాన్నే సల్ఫేషన్ అంటారు.

"అంటే చంపింది నేనే," అన్నాడు డ్రైవర్.

"ఇంకా చావలేదు. గురువారం అన్నారుగా, మూడు రోజులుంది. మాటివ్వలేను గానీ చూద్దాం."

ముందు ఎక్కువైన నీటిని గుర్తుదాకా లాగేసింది. యాసిడ్ కొంచెం పోస్తే సరిపోదా అని డ్రైవర్ అడిగితే, "ఇప్పుడు పోస్తే మీటరు మనకి అబద్ధం చెబుతుంది. అసలైన యాసిడ్ ప్లేట్లలోనే ఉంది, దాన్ని బయటికి రప్పించాలి," అంది. ఇన్వర్టర్‌ని పక్కనపెట్టి, షాపు నుంచి తెచ్చిన ఛార్జరు తగిలించి, నెమ్మదిగా ఎక్కేలా ఐదు ఆంపియర్ల దగ్గర పెట్టింది. కిటికీలు తెరవమంది, దగ్గర్లో అగ్గిపుల్ల కూడా గీయొద్దంది. బ్యాటరీ పక్కన చెయ్యి పెట్టి చూసి, బాగా వేడెక్కితే ఆపేసి, చల్లారాక మళ్లీ వేయమంది. ఇక ఆయన మళ్లీ పోయకుండా డిస్టిల్డ్ వాటర్ సీసాని తనతో పట్టుకుపోయింది.

మొదటి రోజంతా ఏమీ జరగలేదు. పదకొండు ముప్పై అలాగే కూర్చుంది. ఆస్పత్రిలో తల్లి దగ్గరున్న కూతురు ఫోన్ చేసి, "అమ్మ బ్యాగు సర్దేసింది నాన్నా. బాగైందా?" అని అడిగింది. ఆయన అవుతోంది అని ఫోన్ పెట్టేశాడు.

మంగళవారం సాయంత్రం గ్రావిటీ అక్క వచ్చి చూసేసరికి పదకొండు అరవై ఐదు. ఈసారి హైడ్రోమీటరు ఆయన చేతికే ఇచ్చింది. బుడ్డి నొక్కి వదిలితే గొట్టంలోకి నీళ్లెక్కాయి. నిన్న మునిగిపోయిన తేలుడు ఇవాళ రెండు గీతలు పైకి తేలింది. డ్రైవర్ దాన్ని కళ్ల ఎత్తున పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇందులో మనం ఏమీ పోయలేదు కదమ్మా."

"చుక్క కూడా పోయలేదు."

"మరి నీళ్లు ఎలా బరువెక్కాయి?"

"చెప్పాగా బాబాయ్. లోపలున్నది బయటికొస్తోంది."

ఆమె చెప్పడం సోమవారమే చెప్పింది. కానీ చెవితో విన్నది వేరు, చేతిలో చూసింది వేరు. రాయిలా బిగుసుకున్నదేదో ఆ నల్ల డబ్బా లోపల, ఎవరూ తాకకుండా, సద్దు లేకుండా కరిగి తిరిగొస్తోంది. ఇన్నేళ్లు బ్యాటరీలు చూసుకున్న తను ఒక్కసారి కూడా లోపల ఏం జరుగుతుందో ఆలోచించలేదు. ఆ రాత్రి ఆయనకి మెట్ల దగ్గరికి చెప్పులేసుకుని వెళ్లబుద్ధి కాలేదు.

బుధవారం బ్యాటరీలోని ఆరు గదుల్లో అయిదు పన్నెండు దాటాయి. నాలుగో గది ఒక్కటీ పదకొండు డెబ్బై దగ్గర మొండికేసింది. మిగతా వాటిలో సన్నగా బుడగలు లేస్తున్నాయి గానీ అందులో కదలిక లేదు. గ్రావిటీ అక్క మొహం చూసి ఆయన అడగాల్సింది అడిగేశాడు.

"ఒక్కటి రాకపోతే?"

"ఆరూ ఒకదానికొకటి గొలుసు. ఒకటి కూలితే అక్కడే ఆగిపోతుంది. ఈ రాత్రికి వదిలేయండి. పొద్దున చూద్దాం."

గురువారం తెల్లవారుజామున ఆయన మెట్ల కింద వంగి చెవి పెట్టాడు. నాలుగో మూత కింద నుంచి, నూనె సన్నగా కాగుతున్నట్టు, చిటచిటమని చప్పుడు. ఆయన రెండు చేతులూ వాటంతట అవే ముకుళించుకున్నాయి. ఎవరికి దండం పెడుతున్నాడో ఆయనకీ తెలీదు. తొమ్మిదింటికి నాలుగో గది పదకొండు తొంభై ఐదు, మిగతావి పన్నెండు పదిహేను.

"పోయిన యాసిడ్ పోయింది, పూర్తిగా రాదు," అంది గ్రావిటీ అక్క, స్విచ్‌ని ట్యూబులర్ వైపు తోసి ఇన్వర్టర్ తగిలిస్తూ. "కానీ రెండు గంటలు లాగొచ్చు."

ఒంటిగంటకి కోత పడింది. కంపెనీ మనిషి మెషీన్ వేసి, వాచీ చూసుకుని, కాగితాలు ముందేసుకున్నాడు. ముగ్గురూ మెషీన్ బుసబుసలు వింటూ కూర్చున్నారు. ఇరవయ్యో నిమిషం దాటింది. గంట దాటింది. గంటన్నరకి డ్రైవర్ చొక్కా చెమటతో తడిసిపోయింది. మూడింటికి కరెంటొచ్చేదాకా ఇన్వర్టర్ కుయ్యిమనలేదు.

"ఓకే," అని సంతకం పెట్టాడు కంపెనీ మనిషి. "సిలిండరు ఒకటి కూడా పక్కన ఉంచుకోండి."

"సిలిండరూ ఉండాలి, స్టాక్ రాగానే కొత్త బ్యాటరీ కూడా పెట్టాలి," అంది గ్రావిటీ అక్క. "ఇది ఊపిరి సంగతి. దీని మీద పూర్తిగా భారం వేయకూడదు." తర్వాత డ్రైవర్ వైపు తిరిగింది. "నెలకోసారి చూడండి. పుల్ల గుర్తు కిందికి దిగితేనే, అదీ ఛార్జి నిండాకే పోయండి. గుర్తు దాటించకండి."

శుక్రవారం సాయంత్రం భార్య ఇంటికొచ్చింది. గుమ్మంలో నిలబడి, గది గదినీ కొత్తగా చూసినట్టు చూసింది. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి టక్కుమంటూ ఇన్వర్టర్ అందుకుంది. డ్రైవర్ ఒక్క ఉదుటున లేచాడు.

"ఎక్కడికి?" అంది ఆమె.

"మెట్ల దగ్గరికి. చూసొస్తా."

"చూసి ఏం చేస్తారు?"

ఆయన నిలబడిపోయాడు. చేయడానికి ఏమీ లేదు. పోయడానికీ లేదు. ఏడాదిన్నరగా రోజూ దాన్ని ప్రేమగా ఎలా పాడుచేశాడో, ఆ మూడు రోజులూ ఎంత భయపడ్డాడో అంతా ఆమెకి చెప్పేశాడు. ఆమె ఆయాసపడుతూనే నవ్వింది.

"నన్నూ అలాగే చూస్తారు మీరు. ముద్ద మింగకముందే ఇంకోటి కలుపుతారు. కాసేపు ఊరికే కూర్చోండి."

ఆమె చేయి చాపింది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపేందుకు వేలికి తగిలించిన చిన్న క్లిప్పు మీద తొంభై మూడు అని వెలుగుతోంది. ఆయన ఆ చేతిని తన అరచేతిలోకి తీసుకున్నాడు. మెషీన్ గాలి పీల్చి వదులుతోంది, దానితోపాటే ఆమె కూడా. కాసేపటికి ఆమె కళ్లు మూతలు పడ్డాయి, అంకె కదల్లేదు. మూడింటిదాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు.